గుంటూరు డిపోకు విజయవాడ గోదాము నుంచి సరుకు అడిగే ఇండెంట్: పరిమాణం, బ్యాచ్, తేదీ ఎలా రాయాలి

ప్రశ్న: నమస్కారం అండి. గుంటూరులో ఒక పురుగుమందుల కంపెనీ డిపోలో స్టాకు చూస్తున్నాను, కొత్తగా చేరాను. మిర్చికి తామర పురుగు ఉధృతంగా ఉందని విజయవాడ మెయిన్ గోదాముకు "ఫిప్రోనిల్ లీటరు 70 పెట్టెలు అర్జెంటుగా పంపండి" అని మెయిల్ పెట్టాను. సరుకు ఆలస్యంగా వచ్చింది. అందులో సగం నాలుగు నెలల్లో గడువు ముగిసే బ్యాచ్. డీలర్లు తీసుకోవడం లేదు. అక్కడివారిని అడిగితే "మీరు అడిగింది పంపాం కదా" అంటున్నారు. ఇండెంట్ అసలు ఎలా రాయాలి?

జవాబు:

నమస్కారం. విజయవాడ వారి మాటలో న్యాయం ఉంది. వారి చేతికి అందిన కాగితంలో మందు పేరు, పెట్టెల సంఖ్య మాత్రమే ఉన్నాయి. ఏ బ్యాచ్ అని లేదు కాబట్టి, గడువు ముందు ముగిసేది ముందు పంపాలన్న గోదాము పద్ధతి ప్రకారం పాత బ్యాచ్ తీశారు. ఏ తేదీ అని లేదు కాబట్టి లారీ దొరికిన రోజున ఎక్కించారు. అక్కడి స్టోర్ కీపర్ మీకు ఒక్క ఫోను కూడా చేయకుండా పెట్టెలు తీసి, చలాన్ రాసి, బండి ఎక్కించగలగాలి. ఇండెంట్ సరిగా ఉందా లేదా అని చూసుకోవడానికి నేను వాడే పరీక్ష అదొక్కటే.

ఒక లెక్క పూర్తిగా చేసి చూపిస్తాను. అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే. తేదీలు మాత్రం 2025 దసరా నాటివి. ఆ సంవత్సరం విజయదశమి అక్టోబరు 2న, గురువారం వచ్చింది. పండుగ మధ్యలో వస్తే తేదీల లెక్క ఎలా మారుతుందో అందులో బాగా తెలుస్తుంది.

ముందు పరిమాణం. డీలర్ల దగ్గర నుంచి అక్టోబరు 15 వరకు మీకు వచ్చిన ఆర్డర్లు 1,150 లీటర్లు అనుకుందాం. కంప్యూటర్‌లో గుంటూరు నిల్వ 420 లీటర్లు చూపిస్తోంది. ఈ 420ని అలాగే తీసుకుంటే లెక్క తప్పుతుంది. గోదాములోకి వెళ్లి చూడండి. అందులో కారిన సీసాలు, డీలర్ వాపసు ఇచ్చి ఇంకా పరిశీలన కాని పెట్టెలు, వ్యవసాయ శాఖ అధికారి నమూనా తీసి అమ్మకం ఆపమన్న బ్యాచ్ ఉండవచ్చు. అవి పుస్తకంలో నిల్వే, అమ్మడానికి మాత్రం నిల్వ కాదు. అలాంటివి 60 లీటర్లు ఉంటే మీ చేతిలో ఉన్నది 360. ఇంతకు ముందు అడిగి, బయలుదేరి, ఇంకా చేరని సరుకు 200 లీటర్లు ఉంది. 1,150లో 360, 200 తీసేస్తే 590. ఆర్డర్లు పెరిగితే తట్టుకోవడానికి మూడు రోజుల అమ్మకం, సుమారు 100 లీటర్లు కలిపితే 690. పెట్టెకు పది లీటర్ సీసాలు కాబట్టి 69 పెట్టెలు.

ఇండెంట్‌లో 69 అని మాత్రమే రాసి ఊరుకోకండి. "69 పెట్టెలు, పెట్టెకు 10 సీసాలు, మొత్తం 690 లీటర్లు" అని మూడూ రాయండి. ఒకే మందు పావు లీటరు, అర లీటరు, లీటరు ప్యాకింగుల్లో వస్తుంది, పెట్టెలో సీసాల సంఖ్య ఒక్కో దానికి ఒక్కోలా ఉంటుంది. 69 పెట్టెలన్న మాటకు పావు లీటరు పెట్టెలు వచ్చి దిగిన సందర్భాలు ఈ వ్యాపారంలో అందరికీ తెలిసినవే. మొత్తం లీటర్లు పక్కన ఉంటే తేడా అక్కడికక్కడే బయటపడుతుంది. ఆ 690 ఎలా వచ్చిందో రెండు ముక్కల్లో రాస్తే ఇంకా మంచిది. సీజన్‌లో ప్రతి డిపో ఎక్కువే అడుగుతుంది. లెక్క చూపిన డిపో అడిగిన దానిలో విజయవాడ మేనేజర్ కోత పెట్టడానికి వెనుకాడతాడు.

ఇక బ్యాచ్. మీకు దెబ్బ తగిలింది ఇక్కడే కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. ఇండెంట్ రాయడానికి ముందే విజయవాడ నుంచి ఆ మందు నిల్వ బ్యాచ్‌ల వారీగా తెప్పించుకోండి. తయారీ నెల, గడువు నెల, పెట్టెలు, అందులో వేరే డిపోకు కేటాయించినవి ఎన్ని అన్నది కూడా అందులో ఉండాలి. కేటాయింపు సంగతి అడగకపోతే, తెనాలికో ఒంగోలుకో రాసిపెట్టిన పెట్టెలను మీవని లెక్కవేసుకుంటారు. మన ఉదాహరణలో కేటాయింపులు పోను మూడు బ్యాచ్‌లు మిగిలాయి. `2403E19` అనేది 2024 మార్చి తయారీ, 2026 ఫిబ్రవరితో గడువు ముగుస్తుంది, 40 పెట్టెలు. `2504E07` గడువు 2027 మార్చి, 30 పెట్టెలు. `2506E12` గడువు 2027 మే, 44 పెట్టెలు.

అందరికీ అన్నిటికంటే కొత్తది కావాలనిపిస్తుంది. అలా అడిగితే విజయవాడలో మధ్య బ్యాచ్ కూడా పాతబడి కూర్చుంటుంది, కొన్నాళ్లకు అది ఏదో ఒక డిపో నెత్తిన పడుతుంది. నేనైతే ఇలా అడుగుతాను: మా దగ్గరకు చేరే రోజుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉన్నవి, ఆ వరుసలో ముందు ముగిసేవి ముందు. ఆ లెక్కన `2504E07`లో ఉన్న 30 పెట్టెలూ, `2506E12`లో 39 పెట్టెలూ కలిపి 69. ఇది గోదాము పద్ధతికి వ్యతిరేకం కాదు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో గీత గీసి చెప్పడం మాత్రమే. ఆరు నెలలు అన్నది చట్టం పెట్టిన అంకె కాదు. మీ డీలర్లు ఎంత గడువు ఉంటే తీసుకుంటారో అది మీ అంకె.

మరి `2403E19` ఏం కావాలి? ఇండెంట్‌లో దాని ఊసెత్తకుండా వదిలేయకండి. "వద్దు, గడువు నాలుగు నెలలే ఉంది, డీలర్లు నిరాకరిస్తున్నారు" అని కారణంతో సహా రాయండి. రాయకపోతే, పెట్టెలు తక్కువ పడినప్పుడు అది కలిపి పంపే అవకాశం మీరే ఇచ్చినట్లు. నెలలోపు పొలంలో పడిపోతుందని ఏ డీలరైనా రాసి ఇస్తే ఆ మేరకు తీసుకోవచ్చు. రాతపూర్వకంగా మాత్రమే. గడువు ముగిసిన మందు అమ్మడం నేరం. దాన్ని మిగతా సరుకు నుంచి విడిగా, అమ్మకానికి కాదన్న ముద్రతో పెట్టాలని పురుగుమందుల నిబంధనలే చెబుతున్నాయి. అక్కడిదాకా వస్తే ఆ నష్టం గుంటూరు డిపో ఖాతాలోనే పడుతుంది.

ఫలానా బ్యాచే కావాలని పట్టుబట్టాల్సిన సందర్భాలు తక్కువ. ఫిర్యాదు వచ్చిన సరుకుకు బదులు ఇచ్చేటప్పుడు, ఒక బ్యాచ్ నమూనా పరీక్షలో ఉండి దానికి బదులు వేరేది కావాల్సినప్పుడు, గరిష్ఠ ధర మారి పాత ధర ముద్ర ఉన్న సీసాలు వద్దనుకున్నప్పుడు తప్పదు. అప్పుడు "ఈ బ్యాచ్ లేకపోతే మరొకటి పంపవద్దు" అని స్పష్టంగా రాయండి. మిగతా అన్నిసార్లూ బ్యాచ్ పక్కన ప్రత్యామ్నాయం ఉండాలి. `2504E07`లో పెట్టెలు తడిసో పగిలో 30 లేకపోతే తక్కువైనవి `2506E12` నుంచి కలపమని రాస్తే, మీ ఫోను కోసం పని ఆగదు.

బ్యాచ్ నంబర్ల విషయంలో ఒక ప్రమాదం చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మీరు ఇండెంట్‌ను ఎక్సెల్‌లో తయారుచేస్తుంటే మామూలు గడిలో `2506E12` అని కొట్టి చూడండి. అది `2.51E+15` అయిపోతుంది. మధ్యలో ఉన్న `E` అక్షరాన్ని ఎక్సెల్ పదుల ఘాతంగా అర్థం చేసుకుంటుంది. పక్క గడిలో `2507E12` కొట్టండి, అది కూడా `2.51E+15` అనే కనిపిస్తుంది. రెండు వేర్వేరు బ్యాచ్‌లు కాగితం మీద ఒకటైపోయాయి. తరువాత గడి స్వరూపం మార్చినా మొదట కొట్టిన అక్షరాలు తిరిగి రావు. నంబర్లు కొట్టక ముందే ఆ నిలువు వరుస మొత్తాన్ని `Text`గా మార్చాలి, లేదా నంబరు ముందు ఒక `'` గుర్తు పెట్టాలి. సున్నాతో మొదలై అన్నీ అంకెలే ఉన్న బ్యాచ్‌లకు కూడా ఇదే ఉపాయం, లేకపోతే ముందున్న సున్నా ఎగిరిపోతుంది. ఫోనులో చదివి రాయించడం మానేయండి. `B`కి `8`కి, `O`కి సున్నాకి మధ్య తేడా సీసా మీద ముద్రలోనే సరిగా కనిపించదు, ఇక చెవికి ఏం వినిపిస్తుంది? పెట్టె మీది చీటీని ఫొటో తీసి జతచేయమని విజయవాడ వారిని అడగండి.

తేదీ సంగతికి వస్తే, "అర్జెంటు" అన్న మాటను ఇండెంట్ నుంచి పూర్తిగా తీసేయండి. సీజన్‌లో గోదాముకు వచ్చే ప్రతి కాగితం మీదా అదే మాట ఉంటుంది. దానికి బదులు సరుకు ఏ రోజున ఏ స్థితిలో ఉండాలో రాయండి. బండి గేటు దగ్గరకు రావడం వేరు, డీలర్‌కు బిల్లు వేయగలగడం వేరు. మన ఉదాహరణలో అక్టోబరు 8 బుధవారం ఉదయం నుంచి డీలర్లకు బిల్లులు వేయాలి. పెట్టెలు దించి, బ్యాచ్‌ల వారీగా లెక్కపెట్టి, వరుసల్లో పేర్చి, కంప్యూటర్‌లో ఎక్కించడానికి ఒక పూట పైన పడుతుంది. కాబట్టి బండి 7వ తేదీ మంగళవారం ఉదయం 11 గంటల లోపు గుంటూరు చేరాలి. రెండు ఊళ్ల మధ్య దూరం నలభై కిలోమీటర్లు కూడా లేదు కదా, ఆ ఉదయమే ఎక్కిస్తే సరిపోతుందనుకుంటారు. వారధి దాటి, మంగళగిరి మీదుగా కాజ టోల్ గేటు దగ్గరకు వచ్చేసరికి ఎంతసేపు పడుతుందో ఆ రోడ్డు మీద తిరిగేవారికి తెలుసు. సోమవారం 6న మధ్యాహ్నమే ఎక్కించి పెట్టుకుంటే మంగళవారం తెల్లవారుజామున బయలుదేరుతుంది.

ఎక్కించడానికి ముందు పెట్టెలు తీసి పక్కన పెట్టే పని 4వ తేదీ శనివారం జరగాలి. అంతకు ముందు 1న మహర్నవమి, 2న విజయదశమి. నవరాత్రుల్లో ఇంద్రకీలాద్రి రద్దీ వల్ల విజయవాడలో వాహనాల దారులు మళ్లిస్తారు. పండుగకు ఊరెళ్లిన హమాలీలు 3న అందరూ తిరిగి వస్తారని నమ్మలేం. ఇలా వెనక్కి లెక్కవేసుకుంటూ వస్తే ఇండెంట్ విజయవాడ చేతిలో పడాల్సిన రోజు సెప్టెంబరు 30, మంగళవారం. బిల్లు వేయాల్సిన తేదీ నుంచి వెనక్కి నడిస్తేనే ఈ రోజు దొరుకుతుంది. మామూలు వారంలో ఇదే దూరానికి మూడు పని దినాలు చాలు.

తేదీని ఎప్పుడూ నెల పేరుతో రాయండి. `06/10` అంటే కొన్ని కంప్యూటర్లలో జూన్ 10 అవుతుంది. మొత్తం సరుకు ఒకేసారి రాలేకపోతే ఎంత వస్తే మీ పని ఆగదో కూడా చెప్పండి. "7న కనీసం 40 పెట్టెలు తప్పనిసరి, మిగతా 29 అక్టోబరు 11 లోగా" అన్న ఒక్క వాక్యం విజయవాడ మేనేజర్‌కు ఎంతో వెసులుబాటు ఇస్తుంది. ఆ వాక్యం లేకపోతే 69 పెట్టెలూ కుదిరేదాకా బండి కదపకుండా ఆపే ప్రమాదం ఉంది, మీ ఆలస్యానికి అదీ ఒక కారణం అయి ఉండవచ్చు.

పై లెక్కంతా కాగితం మీద ఇంతే అవుతుంది:

> ఇండెంట్ నం. 47, తేదీ 2025 సెప్టెంబరు 30
> నుంచి: విజయవాడ మెయిన్ గోదాము. కు: గుంటూరు డిపో.
> సరుకు: ఫిప్రోనిల్ 5% ఎస్.సి., 1 లీటరు సీసా, పెట్టెకు 10.
> బ్యాచ్ `2504E07` (గడువు 2027 మార్చి): 30 పెట్టెలు, 300 లీటర్లు
> బ్యాచ్ `2506E12` (గడువు 2027 మే): 39 పెట్టెలు, 390 లీటర్లు
> మొత్తం: 69 పెట్టెలు, 690 లీటర్లు
> ప్రత్యామ్నాయం: `2504E07` తక్కువైతే ఆ మేరకు `2506E12`. `2403E19` వద్దు, గడువు ఆరు నెలల లోపు ఉంది.
> గుంటూరు గేటుకు చేరవలసినది: 2025 అక్టోబరు 7, మంగళవారం, ఉదయం 11 లోపు. బిల్లులు 8వ తేదీ ఉదయం మొదలు.
> విడతలు: 7న కనీసం 40 పెట్టెలు, మిగతావి అక్టోబరు 11 లోగా.
> ఆధారం: అక్టోబరు 15 వరకు ఆర్డర్లు 1,150 లీ., అమ్మదగిన నిల్వ 360, దారిలో 200, అదనపు నిల్వ 100.
> కేటాయింపు ఖాయం చేస్తూ సెప్టెంబరు 30 సాయంత్రంలోగా జవాబు ఇవ్వగలరు.

చివరి వాక్యం మర్యాద కోసం పెట్టింది కాదు. జవాబు వచ్చేవరకు ఆ పెట్టెలు మీవి కావు. ఇంకొక డిపో వాటినే అడిగి ఉండవచ్చు. పండుగ సెలవు మొదలయ్యే లోపే జవాబు వస్తే, కోత పడినా డీలర్లకు ముందే చెప్పుకోవచ్చు.

కాగితాల గురించి క్లుప్తంగా. రెండు గోదాములూ ఆంధ్రప్రదేశ్‌లో ఒకే జీఎస్టీ నంబరు కింద ఉంటే ఇది అమ్మకం కాదు, డెలివరీ చలాన్ మీద కదులుతుంది. సరుకు విలువ యాభై వేల రూపాయలు దాటితే అమ్మకం కాకపోయినా ఈ-వే బిల్లు కావాలి. ఈ 690 లీటర్ల విలువ తప్పకుండా దాటుతుంది. చలాన్‌లో తప్పనిసరిగా ఉండాలని నిబంధన చెప్పే వివరాల్లో బ్యాచ్ నంబరు లేదు. అంటే చలాన్ సక్రమంగా ఉండి కూడా బ్యాచ్ లేకుండా రావచ్చు. అందుకే "చలాన్‌లో బ్యాచ్‌ల వారీగా పెట్టెల సంఖ్య రాయాలి" అని ఇండెంట్‌లోనే కోరండి. మీరు ఎప్పుడైనా హైదరాబాద్ గోదాము నుంచి తెప్పించుకోవాల్సి వస్తే ఈ పద్ధతి పనికిరాదు. రాష్ట్రం మారింది కాబట్టి జీఎస్టీ నంబరు వేరు, అదే కంపెనీ అయినా పన్నుతో కూడిన ఇన్వాయిస్ మీదే రావాలి. కొత్త మందు మొదటిసారి అడిగేటప్పుడు, అది గుంటూరు గోదాము పురుగుమందుల లైసెన్సులో చేరిందో లేదో కూడా ముందే చూసుకోండి. విజయవాడ లైసెన్సులో ఉంటే చాలదు.

సరుకు దిగేటప్పుడు ఇండెంట్, చలాన్ రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కో బ్యాచ్‌ను విడిగా పేర్పించి లెక్కపెట్టండి. మొత్తం 69 సరిపోయిందని సంతకం పెడితే 30, 39కి బదులు 25, 44 వచ్చినా తెలియదు. కొన్నాళ్లకు రెండు చోట్లా బ్యాచ్ నిల్వలు తప్పుతాయి, మొత్తం మాత్రం సరిపోతూ ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. టేపు రెండోసారి అతికించినట్లు కనిపించే పెట్టెను తప్పకుండా విప్పండి. విడి సీసాలతో నింపిన పెట్టె అయితే బయటి చీటీ ఒక బ్యాచ్‌ది, లోపల రెండు మూడు సీసాలు ఇంకో బ్యాచ్‌వి ఉంటాయి. తేడా ఏదైనా ఉంటే డ్రైవరు ఉండగానే చలాన్ మీద రాసి అతని సంతకం తీసుకోండి, అదే రోజు విజయవాడకు పంపండి. టాలీ వాడుతుంటే "దారిలో ఉన్న సరుకు" అని ఒక గోదాము పేరు సృష్టించమని అకౌంట్స్ వారిని అడగండి. బండి కదిలినప్పుడు విజయవాడ నుంచి దానిలోకి, దిగి లెక్క తేలాక దాని నుంచి గుంటూరుకు, రెండు `Stock Journal`లు. పైన లెక్కలో 200 లీటర్లు "దారిలో" అని అంత నిక్కచ్చిగా వేయగలిగింది ఈ ఏర్పాటు ఉంటేనే.

ఇప్పుడు మీ దగ్గర ఆగిపోయిన పాత బ్యాచ్ సంగతి. దాన్ని డీలర్ల మీద రుద్దకండి, మూలన కూడా పడేయకండి. ఈ రోజే విజయవాడకు తిరుగు ఇండెంట్ పెట్టండి: బ్యాచ్, పెట్టెలు, గడువు నెల, ఏ తేదీ లోపు తీసుకెళ్లాలి అన్నవన్నీ పై పద్ధతిలోనే రాస్తూ. ఫిప్రోనిల్ 5% ఎస్.సి.ని వరిలో కాండం తొలిచే పురుగుకూ వాడతారు. కృష్ణా డెల్టాలో వరి మీద మందు కొట్టే రోజులు ఇంకా మిగిలి ఉంటే, తెనాలి వైపో మచిలీపట్నం వైపో ఉన్న డిపోకు అది నెలలో ఖర్చయ్యే సరుకు. ఆ డిపో వారితో ముందు మీరే మాట్లాడి, ఎన్ని పెట్టెలు తీసుకుంటారో రాయించుకుని, ఆ మెయిల్‌ను తిరుగు ఇండెంట్‌కు జతచేస్తే, ఎక్కడికి పంపాలో వెతికే పని విజయవాడకు ఉండదు. సరుకు వెనక్కి ఒకసారి, ముందుకు ఒకసారి తిరిగే కిరాయి కూడా తప్పుతుంది. నేరుగా గుంటూరు నుంచే ఆ డిపోకు చలాన్ రాయమని అనుమతి అడగండి.